ఐదేళ్ల పాపకు చివరి పాలపన్ను పీకాక: మూడు స్పేస్ మెయింటైనర్లు, ఆరేళ్లకు పైగా సాగిన ఒక కేసు

పాప మొదటిసారి మా క్లినిక్‌కి వచ్చేనాటికి వయసు 5 సంవత్సరాల 4 నెలలు. ఎడమవైపు కింది వరసలో చివరి పాలపన్ను దగ్గర చిగురు మీద చిన్న కురుపు ఉంది. నొక్కితే చీము వస్తోంది. అంతకు ఏడాది ముందు వేరే చోట ఆ పన్నుకు నరం తీసి సిమెంటు నింపారు గానీ పైన స్టీలు క్యాప్ వేయలేదు. కొన్ని నెలల్లో సిమెంటు ఊడింది, చెంప రెండుసార్లు వాచింది, రెండుసార్లూ మందులు వాడితే తగ్గింది. నొప్పి లేదు కదా అని ఊరుకున్నారు.

ఎక్స్‌రేలో పన్ను పరిస్థితి చూస్తే నిలబెట్టే ఆశ కనిపించలేదు. పన్ను రెండు వేర్ల మధ్య ఎముక కరిగిపోయింది, వెనక వేరు సగం అరిగింది, పన్ను ఊగుతోంది. కింద రాబోయే శాశ్వత పన్ను మొగ్గ మాత్రం ఉంది. ఇది తప్పకుండా చూసుకోవాలి, ఎందుకంటే కింది వరసలో ఆ స్థానంలో రావాల్సిన పన్ను కొందరికి పుట్టుకతోనే ఉండదు. అది లేదని తెలిస్తే, స్పేస్ మెయింటైనర్ అనే పరికరంతో ఆ ఖాళీని కాపాడాలా వద్దా అన్న ప్రశ్నే మారిపోతుంది.

పీకాలని చెప్పగానే నానమ్మ అడిగింది: "పాలపన్నే కదా డాక్టరమ్మా, పీకేస్తే మళ్ళీ వస్తుంది కదా?"

వస్తుంది, కానీ ఆరేళ్లు పడుతుంది. ఈ పాలపన్ను మామూలుగా పదకొండేళ్ల దాకా ఉండాలి. అంతకంటే పెద్ద చిక్కు దాని వెనక ఉంది. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను ఈ పాలపన్నుకు సరిగ్గా వెనకనే, చిగురు కింద, కాస్త ముందుకు వాలి పడుకుని ఉంటుంది. పైకి వచ్చేటప్పుడు పాలపన్ను వెనక వేరును, తర్వాత దాని వెనక గోడను ఆనుకుని జారుతూ నిటారుగా నిలబడుతుంది. ఆ గోడ లేకపోతే వాలిన పన్ను వాలినట్టే ఎముకలోనే ముందుకు నడుస్తుంది. బయటకు కనిపించేసరికి చాలా ఖాళీని మింగేసి ఉంటుంది. పీకిన మొదటి ఆరు నెలల్లోనే ఎక్కువ జరుగుతుంది కాబట్టి "ఆరేళ్ల పన్ను వచ్చాక చూద్దాం" అనుకుంటే ఆలస్యమైపోతుంది.

నానమ్మకు ఇది నేను చేతులతో చూపించాను. ఎడమ చెయ్యి గోడలా నిలబెట్టి, కుడి చెయ్యి దానికి ఆనిస్తూ పైకి జరిపాను. తర్వాత ఎడమ చెయ్యి తీసేశాను. ఆవిడ "అదా సంగతి" అంది.

ముందున్న పాలపన్ను పోతే పని సులువు. దాని వెనకా ముందూ పళ్లు పైన కనిపిస్తూ ఉంటాయి, ఒకదానికి రింగులాంటి బ్యాండు వేసి తీగ లూపు అవతలి పన్నుకు ఆనిస్తే చాలు. ఇక్కడ ఆనించడానికి వెనక పన్ను ఇంకా రాలేదు. అందుకే డిస్టల్ షూ అనే పరికరం కావాలి. ముందున్న పాలపన్నుకు బ్యాండు, దాని నుంచి వెనక్కి ఒక అడ్డ తీగ, చివర చిగురులోకి దిగే బ్లేడు. పోయిన పన్ను వెనక గోడ చేసే పని ఆ బ్లేడు చేస్తుంది.

బ్లేడు చిగురును దాటి ఎముక దాకా వెళ్తుంది, నెలల తరబడి అక్కడే ఉంటుంది, దాని చుట్టూ చిగురు పూర్తిగా అతుక్కోదు. క్రిములు లోపలికి పోవడానికి ఒక దారి తెరిచి పెట్టినట్టే. కాబట్టి పుట్టుకతో గుండె జబ్బు ఉన్న పిల్లలకు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లకు నేను ఇది వేయను. గుండె గురించి అడిగితే పాప తల్లి, "పుట్టినప్పుడు ఏదో శబ్దం ఉందన్నారు, తర్వాత మళ్ళీ చూపించలేదు" అంది. పిల్లల గుండె డాక్టరు దగ్గరికి పంపాను. ఎకో మామూలుగా ఉందని రాసిచ్చేదాకా ఎనిమిది రోజులు పట్టింది. చీము దానంతట అదే కారుతోంది, జ్వరం లేదు, వాపు లేదు, కాబట్టి ఆ ఎనిమిది రోజులు ఆగడానికి ఇబ్బంది లేకపోయింది.

పన్ను నోట్లో ఉండగానే కొలతలు తీసుకోవాలి. ముందున్న పాలపన్నుకు వెనక పక్క చిన్న పిప్పి ఉంది. పిప్పి తీసి దానికి స్టీలు క్యాప్ అతికించాను, ఆ క్యాప్ మీద విడిగా బ్యాండు ఎక్కించాను. తీగను క్యాప్‌కే టంకం పెడితే ఒక మెట్టు తగ్గుతుంది. కానీ తర్వాత పరికరం తీసినప్పుడల్లా క్యాప్ కూడా కోసి తీయాల్సి వస్తుంది. ఈ పాప విషయంలో కనీసం రెండుసార్లు పరికరం మారుతుందని నాకు తెలుసు.

బ్యాండుతో సహా ఆల్జినేట్ అచ్చు తీసి మోడల్ పోయించాను. మోడల్ మీద ఆ పాలపన్నును కోసేసి, ఎక్స్‌రే చూసి అడ్డ తీగ పొడవు, బ్లేడు లోతు గుర్తు పెట్టాలి. ఎక్స్‌రే బొమ్మ అసలు కంటే కాస్త పెద్దదిగా పడుతుంది కాబట్టి నేరుగా కొలవకూడదు. పిప్పి తీయకముందు ముందు పాలపన్ను వెడల్పు నోట్లో కొలిస్తే 7.9 మిల్లీమీటర్లు, ఫిల్మ్ మీద 8.3. అదే పన్ను వెనక అంచు నుంచి రాబోయే ఆరేళ్ల పన్ను ముందు అంచు దాకా ఫిల్మ్ మీద 10.5. ఆ నిష్పత్తిలో తగ్గిస్తే 10.0 వచ్చింది. కుడివైపు ఇదే పాలపన్ను చెక్కుచెదరకుండా ఉంది, దాని వెడల్పు 9.9. రెండూ కలిశాయి కాబట్టి 10 మీద నమ్మకం కుదిరింది. బ్లేడు లోతు ఇలా ఉండాలి: వాలి ఉన్న ఆరేళ్ల పన్ను ముందు గట్టు కంటే ఒక మిల్లీమీటరు కిందికి దిగాలి, అంతకు మించి కాదు. లెక్క వేస్తే అడ్డ తీగ నుంచి 6 మిల్లీమీటర్లు. పైపైన ఉంటే పన్ను బ్లేడు కింద నుంచి దూరిపోతుంది. మరీ లోతైతే ముందున్న మొగ్గకు తగిలే ప్రమాదం.

పీకిన రోజు పరికరం సిద్ధంగా పక్కన ఉంది. మత్తు సూది వేశాక పన్ను తేలిగ్గానే వచ్చింది. గుంతను గీకలేదు, కింద మొగ్గ ఉంది కదా, సెలైన్‌తో కడిగి వదిలేశాను. తాజా గుంత ఉన్నందువల్ల చిగురు కోయాల్సిన పని లేదు, వెనక వేరు ఉన్న చోటే బ్లేడు దిగింది. పన్ను ముందే పోయి చిగురు మూసుకుపోయిన పిల్లలకైతే కోత పెట్టాలి.

ఇక్కడ ఒక మాట. పరికరం నోట్లో పెట్టి చూసినప్పుడు చక్కగా కూర్చుంది. పైకి అంతా బాగుంది. సిమెంటు పెట్టకముందు తీసిన ఎక్స్‌రేలో మాత్రం బ్లేడుకూ ఆరేళ్ల పన్నుకూ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు కనిపించింది. బ్లేడు కొస కాస్త ముందుకు వంగి ఉంది. అలాగే అతికిస్తే పన్ను ముందు ఆ సందును నింపి, తర్వాత బ్లేడును ఆనుకునేది, అంటే మొదటి రోజే ఒకటిన్నర మిల్లీమీటర్లు పోగొట్టుకున్నట్టు. ప్లయర్స్‌తో బ్లేడును వెనక్కి తెరిచి మళ్ళీ ఎక్స్‌రే తీస్తే ఈసారి సరిగ్గా ఆనింది. చిన్నపిల్లకు రెండు ఎక్స్‌రేలు ఎందుకు అనిపించవచ్చు. కంటికి కనిపించని చోట పని చేసే పరికరం ఇది, ఆ ఎక్స్‌రే లేకుండా అతికించడం నాకు ఇష్టం లేదు. గ్లాస్ అయనోమర్ సిమెంటుతో అతికించాను. రక్తం కారే చోట సిమెంటు సరిగా పట్టదు, అందుకే ఐదు నిమిషాలు గాజుగుడ్డ కరిపించి ఆగాను.

ఇంటికి పంపేటప్పుడు తల్లికి ఒక్కటే గట్టిగా చెప్పాను: నాలుకతో నెడితే కదులుతున్నట్టు పాప చెప్పినా, మీకు అనిపించినా, అదే రోజు రండి, రేపు కాదు.

నాలుగో నెలలో ఫోన్ వచ్చింది. "అది ఆడుతోందంటోంది డాక్టర్ గారూ." సాయంత్రం తీసుకొచ్చారు. బ్యాండు కింద సిమెంటు కరిగిపోయింది. స్పేస్ మెయింటైనర్లు విఫలమయ్యేది ఎక్కువగా ఇలాగే, టంకం విరగడం ఆ తర్వాత. తీసి శుభ్రం చేసి మళ్ళీ పెట్టేలోపే బ్లేడు ఉన్న సందు బిగుసుకుపోయింది, కొద్దిగా మత్తు వేసి దించాల్సి వచ్చింది. రెండు రోజులు ఆగి ఉంటే ఆ సందు మూసుకుపోయేది, మళ్ళీ కోత పెట్టాల్సి వచ్చేది.

కుడివైపు ఆరేళ్ల పన్ను 6 సంవత్సరాల 2 నెలలకు కనిపించింది. ఎడమవైపు ఇంకో రెండు నెలలకు, బ్లేడు వెనక నుంచే, దాన్ని ఆనుకుని పైకి వచ్చింది. పన్ను పైభాగం బాగా బయటపడ్డాక, అంటే 6 సంవత్సరాల 9 నెలలప్పుడు డిస్టల్ షూ తీసేశాను. ఖాళీ కొలిస్తే 10 మిల్లీమీటర్లు అలాగే ఉంది. వాలిన పన్ను నిటారుగా నిలబడింది.

చాలామంది తల్లిదండ్రులు ఇక్కడితో పని అయిపోయిందనుకుంటారు. కానీ బ్లేడు పని ఆరేళ్ల పన్నును సరైన చోట పైకి తేవడం వరకే. పైకి వచ్చిన పన్ను కూడా ముందు ఆపేది ఏదీ లేకపోతే ముందుకు వాలుతుంది, దవడ నమిలే బలం దాన్ని అటే తోస్తుంది. కాబట్టి అదే క్యాప్ మీద కొత్త బ్యాండు వేసి, ఈసారి మామూలు లూపు ఆరేళ్ల పన్ను ముందు వైపుకు ఆనించాను. లూపు చిగురుకు ఒక మిల్లీమీటరు పైన ఉండాలి, మధ్యలో కొత్త పన్ను పైకి రావడానికి సరిపడా వెడల్పు ఉండాలి. తీగ చిగురును నొక్కుతుంటే కొన్ని వారాల్లో తీగ కనిపించకుండా చిగురు దాన్ని కప్పేస్తుంది, అప్పుడు తీయడం ఒక చిన్న ఆపరేషన్ అవుతుంది.

తర్వాత పొరపాటు జరిగింది, అందులో నా వాటా కూడా ఉంది. 7 సంవత్సరాల 3 నెలలప్పుడు చూసినప్పుడు అంతా బాగుంది. మూడు నెలలకు రమ్మని కార్డు మీద రాసి పంపాను. ఆ తర్వాత తండ్రికి వేరే ఊరికి బదిలీ అయింది, వాళ్లు రాలేదు, నేను ఫోన్ చేయించలేదు. పదకొండు నెలలకు తిరిగి వచ్చేసరికి లూపు ఒకవైపు టంకం విరిగి పక్కకు తిరిగి ఉంది. ఎప్పుడు విరిగిందో పాపకు తెలియదు. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఖాళీ 8.8 ఉంది. 1.2 మిల్లీమీటర్లు పోయింది.

ఆ 1.2 ఎంత నష్టమో తెలియాలంటే మొత్తం లెక్క చూడాలి. పాల కోరపన్ను, రెండు పాల దవడ పళ్లు కలిపి ఎంత చోటు ఆక్రమిస్తాయో, వాటి స్థానంలో వచ్చే మూడు శాశ్వత పళ్లకు అంతకంటే తక్కువ చోటు చాలు. ఈ మిగులును హేస్ నాన్స్ 1947లో కొలిచి చెప్పాడు: కింది వరసలో ఒక్కో వైపు సగటున 1.7 మిల్లీమీటర్లు. ఈ మిగులులో చాలా భాగం చివరి పాలపన్ను నుంచే వస్తుంది, ఎందుకంటే దాని వెడల్పు దాదాపు 10, కింద నుంచి వచ్చే పన్ను వెడల్పు దాదాపు 7. కాబట్టి ఈ ఒక్క పన్ను పోతే ఆ వైపు మిగులంతా ప్రమాదంలో పడుతుంది.

ఈ పాపకు నాలుగు కింది ముందు పళ్లూ అప్పటికే వచ్చేశాయి, వాటి వెడల్పులు కలిపితే 23. 1974లో టనాకా, జాన్‌స్టన్ చెప్పిన లెక్క ప్రకారం దీనిలో సగానికి 10.5 కలిపితే రాబోయే మూడు పళ్లకు కావలసిన చోటు వస్తుంది, అంటే 22. ఎడమవైపు మొదట్లో ఉన్న చోటు 23.7. అందులో 1.2 పోతే 22.5. ఇంకా అర మిల్లీమీటరు మిగిలినట్టు. అయితే ఆ లెక్క అమెరికా పిల్లల కొలతల మీద కట్టింది, మన పిల్లలకు ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చెబుతుంది. అర మిల్లీమీటరు మిగులు అంటే నమ్మదగినంత మిగులు కాదు.

రెండు దారులు ఉన్నాయి. స్ప్రింగు ఉన్న పరికరంతో ఆరేళ్ల పన్నును ఆ 1.2 వెనక్కి నిలబెట్టడం ఒకటి, ఉన్నదాన్ని అలాగే పట్టి ఉంచడం రెండు. ఎనిమిదేళ్ల వయసులో ఒక మిల్లీమీటరు వెనక్కి నెట్టడం పెద్ద కష్టం కాదు. కానీ మళ్ళీ వేరే ఊరికి వెళ్తున్న కుటుంబం, నెల నెలా రాలేరు. రెండో దారి ఎంచుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ల కొత్త ఊళ్లో పిల్లల పళ్ల డాక్టరు ఎవరున్నారో కనుక్కుని నెట్టే పరికరమే వేసేదాన్నేమో.

పట్టి ఉంచడానికి మళ్ళీ అదే లూపు వేయలేదు. లూపుకు ఆధారమైన ముందు పాలపన్ను పదేళ్లకు ఊడిపోతుంది, వెనకది రావడానికి ఇంకో ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఆధారం లేకుండా పోతుంది. అందుకే రెండు వైపుల ఆరేళ్ల పళ్లకు బ్యాండులు వేసి, వాటిని 0.9 మిల్లీమీటరు తీగతో కలుపుతూ, ముందు పళ్ల లోపలి వైపు ఆనించే లింగ్వల్ ఆర్చ్ వేశాను. ఇదే పరికరం మొదటి రోజే ఎందుకు వేయలేదని తల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఐదేళ్లప్పుడు బ్యాండులు వేయడానికి ఆరేళ్ల పళ్లే లేవు. అవి ఉన్నా కింది ముందు శాశ్వత పళ్లు పాలపళ్ల లోపలి వైపు నుంచి వస్తాయి, అక్కడ తీగ ఉంటే వాటి దారికి అడ్డం. నాలుగూ వచ్చాకే ఇది వేయాలి.

పదేళ్లప్పుడు తీసిన ఎక్స్‌రేలో ఆ చోట రావాల్సిన పన్ను పైన ఇంకా 4 మిల్లీమీటర్ల ఎముక ఉంది. పాలపన్ను చిన్నప్పుడే పీకితే గుంత ఎముకతో గట్టిగా నిండిపోతుంది, కింది పన్ను దాన్ని చీల్చుకుని రావాలి. ఒక్కో మిల్లీమీటరుకు నాలుగైదు నెలలు అని మా దగ్గర ఒక ఉజ్జాయింపు ఉంది. ఆ లెక్కన 16 నుంచి 20 నెలలు. "కుడివైపు ముందు వస్తుంది, ఎడమవైపు ఆలస్యంగా వస్తుంది, కంగారు పడకండి, తీగ మాత్రం తీయించకండి" అని చెప్పాను. క్యాప్ ఉన్న పాలపన్ను 10 సంవత్సరాల 8 నెలలకు ఊడింది, దాని కింది పన్ను వెంటనే వచ్చింది. చివరి పాలపన్ను స్థానంలో రావాల్సిన శాశ్వత పన్ను కుడివైపు 11 సంవత్సరాల 1 నెలకు, ఎడమవైపుది 11 సంవత్సరాల 8 నెలలకు చిగురు దాటాయి.

ఎడమవైపు పన్నుకు చోటు సరిగ్గా సరిపోయింది, కానీ కాస్త మెలి తిరిగి వచ్చింది, పదిహేను డిగ్రీల వరకు. నమలడానికి అడ్డం లేదు, పాప అద్దంలో చూసుకుని పట్టించుకోలేదు. ఆ మెలిక పోయిన 1.2 వల్లే అని నిరూపించలేను. నాకైతే అదే అనిపిస్తుంది. పన్ను పూర్తిగా పైకి వచ్చి పక్క పళ్లను ఆనుకున్నాక, 12 ఏళ్లకు ఆర్చ్ తీసేశాను. కుడివైపు బ్యాండు అంచు కింద సుద్దలాంటి తెల్ల మచ్చ ఉంది, సిమెంటు కరిగిన చోట పాచి చేరిన గుర్తు. ఫ్లోరైడ్ వార్నిష్ పూశాను, మూడు నెలలకోసారి చూస్తున్నాను.

ఇంకొకటి కూడా కనిపించింది. మెలి తిరిగిన ఆ కొత్త పన్ను పైన గోధుమ పసుపు రంగులో గరుకైన మచ్చ, అక్కడ ఎనామెల్ సరిగా ఏర్పడలేదు. దీన్ని టర్నర్ పన్ను అంటారు. పైన పాలపన్నులో చీము నిలిచి ఉన్న రోజుల్లో కింద మొగ్గకు ఎనామెల్ తయారవుతూ ఉంటే ఇలా మచ్చ మిగులుతుంది. ఆ చోట కాంపోజిట్ పెట్టి మూసేశాను. తల్లి చాలాసేపు అద్దంలో చూసి, "అప్పుడు చెంప వాచినప్పుడే పీకించి ఉంటే ఇది రాకపోయేదా?" అని అడిగింది. రాకపోయేదేమో అన్నాను. ఆవిడ తలూపి, పాప చెల్లెలి నోరు కూడా ఒకసారి చూడమని బయట కూర్చున్న చిన్నదాన్ని పిలిచింది.